తలకెంత? గంగవరం నుంచి ఒక శిక్షణ బడ్జెట్ లెక్క

శిక్షణ బడ్జెట్ కాగితం హెచ్‌ఆర్ బల్ల మీదికి వచ్చిందంటే చూపు ముందు అడుగు వరుస మీదికే పోతుంది. మొత్తం ఇంత, మనుషులు ఇంతమంది, తలకు ఇంత. ఆ చివరి అంకె పోయినేటి కంటే తక్కువుంటే సంతకం పడుతుంది, ఎక్కువుంటే కాగితం వెనక్కి వస్తుంది. ఇలాంటి కాగితాలు తయారు చేసిన చేతులతోనూ, వాటిని పరీక్షించిన చేతులతోనూ నేను చాలాకాలం పనిచేశాను. నాకు తెలిసినంతలో ఆ అంకె ఒక్కటే చూసి తీసుకున్న నిర్ణయాల్లో ఎక్కువ భాగం తప్పు వైపే పోయాయి. అంకె అబద్ధం కాదు. దేన్ని దేనితో భాగించారో కాగితం మీద ఉండదు, చిక్కంతా అక్కడే.

ఊరు తెలియకుండా ఈ లెక్క సాగదు కాబట్టి గంగవరాన్నే తీసుకుందాం. పలమనేరును ఆనుకుని, చెన్నై–బెంగళూరు దారి మీద ఉన్న మండలం ఇది. ఉత్తరాన పుంగనూరు, అది దాటితే మదనపల్లె. దక్షిణాన మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం. చిత్తూరు జిల్లా అంటే తోతాపురి మామిడి, దాంతో నడిచే గుజ్జు ఫ్యాక్టరీలు. జూన్, జూలై నెలల్లో ఆ ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు తిరుగుతాయి, తర్వాత చాలా లైన్లు నిద్రపోతాయి. పనివాళ్లలో చాలామంది సీజన్ కోసం వచ్చేవాళ్లే. అలాంటి ఒక మధ్యతరహా గుజ్జు ఫ్యాక్టరీ గంగవరంలో ఉందనుకుందాం. సీజన్‌కు ముందు 36 మందికి పరిశుభ్రత మీద, లైన్ పని మీద రెండేసి రోజుల శిక్షణ ఇవ్వాలి. కింద వేసే రేట్లు ఏ సంస్థవీ కావు, లెక్క నడక తెలియడానికి నేను వేసుకున్నవి. మీ ఊరి రేట్లు పెట్టుకున్నా నడక ఇదే.

ఈ శిక్షణ యజమాని ఇష్టానిదేమీ కాదు. 2011 నాటి ఆహార భద్రతా లైసెన్సింగ్ నిబంధనల్లోని నాలుగో షెడ్యూలు పనివాళ్లకు శిక్షణ ఉండాలంటుంది. ఆహారం చేత్తో తాకి పనిచేసే ప్రతి 25 మందికి, శిక్షణ పొంది సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ కనీసం ఒకరు ఉండాలని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ చెబుతుంది. మన 36 మందికి ఇద్దరు కావాలన్నమాట. ఆ ఇద్దరి సర్టిఫికెట్ కోర్సు వేరే ఖర్చు. దాన్ని ఈ కాగితంలో కలపకూడదు. కలిపితే రెండింటి తలసరి లెక్కా పాడవుతుంది.

ఇక ట్రైనర్ ఫీజు. పలమనేరు చుట్టుపక్కల గుజ్జు లైన్ తెలిసిన ట్రైనర్ దొరకడం కష్టం కాబట్టి మనిషి బెంగళూరు నుంచి కోలారు, ముళబాగిలు మీదుగా రావాలి. రోజుకు 12,000 చొప్పున ఐదు రోజులకు 60,000 వేశాను. పాఠం నాలుగు రోజులే, 18 మందికి ఒక బ్యాచ్ చొప్పున రెండు బ్యాచ్‌లు. ఐదో రోజు ఎందుకని హెచ్‌ఆర్‌వాళ్లు తప్పకుండా అడుగుతారు. అది ట్రైనర్ ముందుగా వచ్చి లైన్ చూసే రోజు. కాయ కడిగే తొట్టె ఎక్కడుంది, చేతులు కడుక్కునే కొళాయి గేటు పక్కనుందా లోపలుందా, గుజ్జు సంచిలోకి దిగే చోట ఎవరు నిలబడతారు, ఇవన్నీ చూడని మనిషి ఎక్కడో చెప్పిన పాఠమే ఇక్కడా చెప్పి పోతాడు. కోత మొదలైతే మొదట పోయే వరుస ఈ రోజే. పోగొట్టుకోకూడనిదీ ఇదే.

ఫీజు చుట్టూ రెండు పన్నుల ముడి ఉంది. అక్కడ చాలామంది తడబడతారు. ఒకే మనిషికి ఏడాదిలో ఇచ్చే వృత్తి రుసుము 50,000 దాటితే పది శాతం టీడీఎస్ పట్టుకోవాలి. ఇది అదనపు ఖర్చు కాదు. ఆ 60,000లోంచే 6,000 తీసి ట్రైనర్ పేరున పన్నుశాఖకు కడతాం, అంతే. దీన్ని బడ్జెట్‌లో మళ్లీ ఒక ఖర్చుగా కలిపిన కాగితాలు నేను చూశాను. జీఎస్టీ దీనికి భిన్నం. ట్రైనర్ నమోదై ఉంటే 18 శాతం, అంటే 10,800 బిల్లులో వస్తుంది. తన సరుకు మీద పన్ను కడుతున్న ఫ్యాక్టరీ ఆ మొత్తాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు కాబట్టి అది చేతిలోంచి ఇప్పుడు పోయే డబ్బే గాని చివరికి మిగిలే ఖర్చు కాదు. దాన్ని తలసరి లెక్కలోకి తేకుండా, డబ్బు సిద్ధం చేసుకోవడానికి మాత్రం పక్కన రాసుకోవాలి. మధ్యాహ్నం భోజనం కేటరింగ్ మీద, అద్దె కారు మీద పడే పన్నుకు మాత్రం సాధారణంగా ఈ సర్దుబాటు దొరకదు. అది ఖర్చులోనే ఉండిపోతుంది.

ఇంకో ముడి కూడా ఉంది. ప్రయాణం, బస ట్రైనర్ తన బిల్లులోనే వేసుకుంటే ఆ మొత్తం కూడా సేవ విలువలో భాగమై, దాని మీదా 18 శాతం పడుతుంది. లాడ్జి గది, కారు ఫ్యాక్టరీ పేరునే బుక్ చేసుకుంటే ఈ తకరారు ఉండదు. కొటేషన్ అడిగేటప్పుడే "ఫీజు వేరు, రాకపోకలు మేమే చూసుకుంటాం" అని రాసేస్తే బిల్లు వచ్చాక అకౌంట్స్ వాళ్లతో వాదన తప్పుతుంది.

రాకపోకలకు రెండు కారు ప్రయాణాలు, వెళ్లి రావడం కలిపి ఒక్కోటి 6,500. పలమనేరులో నాలుగు రాత్రుల బస 7,200. ట్రైనర్ తిండికి ఐదు రోజులకు 2,500. మొత్తం 22,700. మెటీరియల్స్‌కు 17,000. ఇందులో 8,000 తెలుగులోకి మార్చి బొమ్మలతో పేజీలు కట్టించడానికి, మిగతాది పుస్తకాలకు, సాధన సామగ్రికి. పనివాళ్ల భోజనం, టీకి 10,800. అన్నీ కలిపితే 1,10,500. దీన్ని 36తో భాగిస్తే తలకు సుమారు 3,069.

మెటీరియల్స్ దగ్గర కాసేపు ఆగాలి. కుప్పం వైపు నుంచి వచ్చే పనివాళ్ల తెలుగులో తమిళం, కన్నడం కలిసి ఉంటాయి. చదవడం అందరికీ ఒకేలా రాదు. ఇంగ్లీషు స్లైడ్లను ఉన్నదున్నట్టు తెలుగు లిపిలోకి దించి పంచితే అవి ఇంటికి వెళ్లేటప్పటికే మడతలు పడి పోతాయి. ఖరీదైన రంగుల ఫోల్డరు, పెన్ను, సంచి కంటే నాకు నమ్మకమున్నది రెండు చిన్న వస్తువుల మీద. ఒకటి, అతినీలలోహిత లైటు కింద మెరిసే పొడి. చేతులకు రాసి, ఎప్పటిలా కడుక్కోమంటారు. తర్వాత చీకటి గదిలో లైటు కింద చేతులు పెడితే అరచేయి శుభ్రంగానే ఉంటుంది. గోళ్ల అంచులు, బొటనవేలి మొదలు మాత్రం తెల్లగా మెరుస్తుంటాయి. ఆ మెరుపు చూసినవాడికి మళ్లీ చెప్పనక్కర్లేదు. రెండోది, గుజ్జు తీపి చూసే రిఫ్రాక్టోమీటర్. చుక్క వేసి, మూత వేసి, కాంతికి పట్టి గీత దగ్గర అంకె చదవాలి. నేర్పాల్సింది చదవడం కాదు. ముందు వేసిన చుక్కను నీళ్లతో తుడిచి, పొడిగా చేసి, తర్వాత కొత్త చుక్క వేయడం నేర్పాలి. గాజు మీద నీటి తడి మిగిలితే అంకె తక్కువ చూపిస్తుంది, ఆరిన పాత గుజ్జు మిగిలితే ఎక్కువ చూపిస్తుంది. ఈ రెండు సాధనలకు కలిపి తలకు 100 రూపాయలు వేశాను.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కాగితం పైకి వెళ్లింది. తలకు 3,000 దాటిందని హెచ్‌ఆర్ మేనేజర్ ఆగాడు. "సార్, ఇది పోయినేటి కంటే ఎక్కువుంది. ఆరుగురిని తీసేసి పంపండి" అన్నాడు. ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. ఆరుగురిని తీసేస్తే ఎంత మిగులుతుంది? ఒక్కో మనిషి వల్ల పెరిగే ఖర్చు పుస్తకం 150, సాధన 100, రెండు రోజుల భోజనం 300, మొత్తం 550. ఆరుగురికి 3,300. బడ్జెట్ 1,07,200కి దిగుతుంది, కాని 30తో భాగిస్తే తలకు 3,573 అవుతుంది. మేనేజర్ తగ్గించమన్నది తలసరి ఖర్చు. ఆయన చెప్పినట్టు చేస్తే పెరిగింది కూడా అదే.

ఎందుకిలా అంటే ఈ ఖర్చు మూడు పొరలుగా ఉంది. ముందస్తు రోజు ఫీజు, ఆ రోజు తిండి, అనువాదం, రెండు కారు ప్రయాణాలు, ఎంతమంది వచ్చినా మారవు. ఇవి 33,500. బ్యాచ్ ఒకటి పెరిగితే రెండు రోజుల ఫీజు, బస, ట్రైనర్ తిండి కలిపి 28,600 పెరుగుతుంది. మనిషి ఒకడు పెరిగితే 550. ఒక గదిలో 22 మంది దాకా కూర్చోబెట్టి నేర్పగలిగితే అదే రెండు బ్యాచ్‌లలో 44 మంది సరిపోతారు, మొత్తం 1,14,900 అవుతుంది, తలకు 2,611. నలభైఅయిదో మనిషి వస్తే మూడో బ్యాచ్ తెరవాలి. ఆ ఒక్కడి వల్ల మొత్తం 29,150 ఎగిరి, తలసరి 3,201కి పోతుంది. అందుకే పక్క ఫ్యాక్టరీ తలసరితో, పోయినేటి తలసరితో పోల్చేటప్పుడు ముందు అడగాల్సింది వాళ్లకు ఎన్ని బ్యాచ్‌లు, బ్యాచ్‌కు ఎందరు అని. హెచ్‌ఆర్‌కు పంపే కాగితంలో ఈ మూడు పొరలు మూడు వరుసలుగా కనిపిస్తే, ఎక్కడ కోస్తే నిజంగా మిగులుతుందో వాళ్లకే తెలుస్తుంది.

ఏజెన్సీలు మొత్తానికి ఒకే రేటు చెబుతాయి కదా, అది సుఖం కాదా అని అడిగేవాళ్లున్నారు. తలకు 2,500, కనీసం 40 మంది అన్న కొటేషన్ వచ్చిందనుకోండి. 36 మందే వచ్చినా 1,00,000 కట్టాలి, అంటే తలకు 2,778. రాకపోకలు, భోజనం, పనివాళ్లకు అర్థమయ్యే తెలుగు పుస్తకం అందులో ఉన్నాయో లేదో కింద చిన్న అక్షరాల్లో వెతకాలి. చాలాసార్లు ఉండవు. అవి కలిపితే తేడా ఏమీ మిగలదు.

ప్రభుత్వ నైపుణ్య పథకాలతో పోల్చడం ఇంకో పొరపాటు. 2015లో కేంద్రం నోటిఫై చేసిన ఉమ్మడి ఖర్చు నిబంధనల్లో శిక్షణను గంటల్లో లెక్కించారు. మొదటి వర్గం పనులకు ఒక శిక్షణార్థికి గంటకు 38.50, రెండో వర్గానికి 33, మూడో వర్గానికి 27.50 అని మొదట పెట్టారు, తర్వాత పెంచారు. మన లెక్కను అలా మారిస్తే, రోజుకు ఏడు గంటల చొప్పున రెండు రోజులు 14 గంటలు, తలకు 3,069 అంటే గంటకు సుమారు 219. "ప్రభుత్వం 38 పెట్టిన చోట మీరు 219 అంటారేంటి?" అని అడగడం సహజం. కాని అక్కడ కోర్సు వందల గంటలు నడుస్తుంది. 300 గంటలకు 38.50 చొప్పున తలకు 11,550 అవుతుంది. నెలల తరబడి ఒకే చోట నడిచే క్లాసులో ట్రైనర్ జీతం, గది అద్దె గంటగంటకూ పలుచబడతాయి. బస వసతి ఖర్చు కూడా అక్కడ వేరుగా లెక్కిస్తారు. రెండు రోజుల కోసం బెంగళూరు నుంచి కారెక్కి వచ్చే మనిషికి ఆ పలుచన ఎక్కడిది?

కాని ఆ నిబంధనల్లో ఒక సంగతి మన బడ్జెట్లు నేర్చుకోవాల్సిందే. డబ్బు మూడు విడతలుగా విడుదల కావాలని 2015లో పెట్టారు. కోర్సు మొదలయ్యాక 30 శాతం, పరీక్ష పాసై సర్టిఫికెట్ వచ్చాక 50 శాతం, ఉద్యోగం దొరికిందని తేలాక 20 శాతం. అంటే భాగించాల్సింది బెంచీ మీద కూర్చున్నవాళ్లతో మాత్రమే కాదని, నేర్చుకున్నవాళ్లతోనూ నిలబడ్డవాళ్లతోనూ అని అక్కడ రాసి పెట్టారు.

ఫ్యాక్టరీ బడ్జెట్‌లో ఆ పని ఎవరూ చేయరు. పేర్లు రాసుకున్నది 36 మంది. కుప్పం గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది. చుట్టుపక్కల జాతరల్లో ఏదో ఒకటి మన తేదీలకు అడ్డం పడిందనుకోండి, రెండు రోజులూ పూర్తిగా ఉన్నది 31 మంది. పుస్తకాలు అచ్చయిపోయాయి, భోజనం చెప్పేశారు, ట్రైనర్ రోజులు మారలేదు. ఖర్చు అదే 1,10,500, తలకు 3,565. చివర్లో చేత్తో చేసి చూపించమంటే సరిగ్గా చేసింది 27 మంది. అప్పుడు 4,093. జూలై ఆఖరుకు ఇంకా అదే లైన్‌లో ఉన్నది 21 మంది. అప్పుడు 5,262. నాలుగు అంకెలూ నిజమే, వచ్చింది ఒకే ఖర్చులోంచి. సీజన్ కూలీ ఎక్కువగా ఉన్న చోట మొదటిదానికీ చివరిదానికీ ఉన్న దూరమే శిక్షణ బాగోగులకు అసలు కొలత. ట్రైనర్ ఎంత గొప్పవాడైనా, నేర్చుకున్న మనిషి పది రోజులకే పక్క ఊరి ఫ్యాక్టరీకి పోతే ఆ డబ్బు అక్కడి గేటు దాటి పోయినట్టే. అందుకే కాగితంలో తలసరి ఒకటి కాక రెండు రాయాలంటాను. ఒకటి పేర్ల లెక్క మీద, రెండోది చేసి చూపిస్తారని ఆశించే సంఖ్య మీద. జాబితా తయారు చేసేటప్పుడే పోయిన సీజన్‌కు చివరిదాకా ఉన్న పనివాళ్లను ముందు రాసుకుంటే ఈ దూరం తగ్గుతుంది.

కాగితం మీద కనపడని ఖర్చు ఇంకొకటి ఉంది, కూలీ. శిక్షణ రోజు కూడా పని రోజే, కూలీ ఇవ్వాలి. 36 మందికి రెండు రోజులు, పీఎఫ్, ఈఎస్‌ఐ వాటా కలిపి రోజుకు 600 చొప్పున 43,200. దీన్ని కలిపితే మొత్తం 1,53,700, తలకు 4,269. ఇది జీతాల ఖాతాలో పోతుంది కదా అని శిక్షణ కాగితంలో రాయరు. రాయకపోతే లైన్ ఆగి ఉన్న ఏప్రిల్‌లో పెట్టినా, పండు గుట్టలు పడి ఉన్న జూన్‌లో పెట్టినా ఖర్చు ఒకటే అన్నట్టు కనిపిస్తుంది. ఆదివారం పెడదాం, పని పోదు అనేవాళ్లూ ఉన్నారు. ఆ వారం పని గంటలు చట్టం పెట్టిన 48 దాటితే ఓవర్‌టైం రెట్టింపు కట్టాలి. ఆదా అనుకున్నది అక్కడ తేలిపోతుంది. ఇంకొకరు సలహా ఇస్తారు, సీఎస్‌ఆర్ నిధుల్లోంచి పెట్టండి అని. సొంత ఉద్యోగులకే ఉపయోగపడే పనిని సీఎస్‌ఆర్‌గా చూపడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆ దారి మూసుకున్నదే.

మనుషులను బెంగళూరు పంపడమా, ట్రైనర్‌ను ఇక్కడికి రప్పించడమా అన్న ప్రశ్న 36 మందికి అసలు రాదు. ఇద్దరు ముగ్గురికైతే పంపడమే చవక. ఇద్దరు మేస్త్రీలను పంపి, వాళ్లు వచ్చి మిగతావాళ్లకు నేర్పే ఏర్పాటు మంచిదే, కాని వాళ్లు సిద్ధమవడానికి, నేర్పడానికి పట్టే రోజులు కూడా కూలీ వరుసలో రాయాలి. అవి రాయకుండా "ఉచితంగా అయిపోయింది" అనుకుంటే ఆ భారం ఆ మేస్త్రీల మీదే పడుతుంది.

నా లెక్కలో ఒక వరుస ఇంకా లేదు. సీజన్ మధ్యలో ట్రైనర్ ఒక రోజు తిరిగి వచ్చి లైన్ పక్కన నిలబడి చూడటం. ఫీజు 12,000, కారు 6,500, తిండి 500, మొత్తం 19,000. కలిపితే 1,29,500, తలకు 3,597. శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా చూడాలని అమెరికాలో డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే రాశాడు. నచ్చిందా, నేర్చుకున్నారా, పని దగ్గర చేస్తున్నారా, దానివల్ల సంస్థకు ఏం ఒరిగింది అన్నవి ఆ మెట్లు. మన ఫ్యాక్టరీల్లో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాం. చివరి గంటలో ఒక ఫారం పంచి, అందరూ "చాలా బాగుంది" మీద టిక్ పెట్టాక ఫైల్ మూసేస్తాం. మూడో మెట్టు చూడాలంటే రాత్రి షిఫ్టులో చేతులు కడుక్కునే కొళాయి దగ్గర అరగంట నిలబడాలి. ఎంతమంది సబ్బు వాడారో, ఎంతమంది నీళ్లు చల్లుకుని పోయారో లెక్కపెట్టాలి. రిఫ్రాక్టోమీటర్ రాసే పుస్తకంలో ఒకే డ్రమ్ముకు రెండుసార్లు రాసిన అంకెలు ఎంత తేడాగా ఉన్నాయో చూడాలి. శిక్షణకు ముందు ఒక రాత్రి, తర్వాత ఒక రాత్రి ఇలా లెక్కపెడితే చాలు, పెద్ద సర్వే అక్కర్లేదు.

హెచ్‌ఆర్ కచ్చితంగా కోత పెట్టాల్సి వస్తే నేను ఈ 19,000 జోలికి పోను. ముందస్తు రోజు కారు ఖర్చు తగ్గించి ట్రైనర్‌ను బస్సులో రమ్మంటాను, బెంగళూరు నుంచి పలమనేరుకు బస్సులు ఉండనే ఉన్నాయి. రంగుల అచ్చు మానేసి నలుపు తెలుపులో వేయిస్తాను. అదీ చాలకపోతే రెండు బ్యాచ్‌లను 20 మంది చొప్పున పెంచి, వచ్చే ఏడు నేర్పుదామనుకున్న నలుగురిని ఈ ఏడే కలుపుతాను. అప్పుడు మొత్తం 2,200 పెరుగుతుంది గాని, వచ్చే ఏడు పని తగ్గుతుంది.

ఆమోదానికి పంపే కాగితం చివర రెండు ఖాళీ గడులు వదలాలి. ఆగస్టులో లైన్ ఆగిన వారం, జీతాల పట్టిక చూసి అందులో ఒకదానిలో చివరిదాకా ఉన్నవాళ్ల సంఖ్య, రెండోదానిలో ట్రైనర్ తిరిగి వచ్చిన రోజు కొళాయి దగ్గర లెక్కపెట్టిన అంకె చేత్తో రాయాలి. వచ్చే ఏడు తలకెంత అని అడిగినప్పుడు పక్కన పెట్టుకోవాల్సిన కాగితం అదే.